బుల్లెట్ చార్టా, గేజ్ మీటరా? బ్రాంచ్‌ల సేల్స్ టార్గెట్ చూపించే డ్యాష్‌బోర్డ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెలవారీ సేల్స్ రిపోర్టులు తయారుచేసేవాళ్లు డ్యాష్‌బోర్డ్ కట్టేటప్పుడు అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను: ఐదు బ్రాంచ్‌లున్న ఒక హోల్‌సేల్ కంపెనీ, నెలలో 20వ తేదీ సాయంత్రం. అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవి.

| బ్రాంచ్ | నెల టార్గెట్, లక్షల్లో | 20 నాటికి అమ్మకం, లక్షల్లో | టార్గెట్‌లో శాతం | ప్రతి నెలా 20 నాటికి మామూలుగా అయ్యే శాతం |
|---|---|---|---|---|
| విజయవాడ | 80 | 52 | 65 | 58 |
| వరంగల్ | 60 | 39 | 65 | 72 |
| గుంటూరు | 45 | 36 | 80 | 70 |
| రాజమహేంద్రవరం | 50 | 27 | 54 | 60 |
| కర్నూలు | 30 | 21 | 70 | 68 |

ఈ రెండు చార్ట్‌లలో ఏది ఏం చూపిస్తుంది?

గేజ్ అంటే అరచక్రం ఆకారంలో ఉండే మీటర్. ముల్లు గానీ, రంగు నిండిన వంపు గానీ ఇప్పటివరకు ఎంత అయిందో చెబుతుంది. చాలామంది దీన్ని స్పీడోమీటర్ చార్ట్ అంటారు.

బుల్లెట్ చార్ట్‌లో ఒక సన్నటి ముదురు బార్ ఉంటుంది, అది అసలు అమ్మకం. దానికి అడ్డంగా ఒక చిన్న గీత ఉంటుంది, అది టార్గెట్. వెనకాల ఒకే రంగులో మూడు ఛాయల వెడల్పాటి పట్టీలు ఉంటాయి. బాగా వెనకబడ్డామా, కొద్దిగా వెనకబడ్డామా, సరిగ్గానే ఉన్నామా అనేది వాటిని బట్టి తెలుస్తుంది. దీన్ని 2000ల మధ్యలో స్టీఫెన్ ఫ్యూ రూపొందించారు. డ్యాష్‌బోర్డ్‌లలో గేజ్‌లు చోటంతా తినేస్తూ చెప్పేది మాత్రం కొంచెమే చెబుతున్నాయని, వాటి స్థానంలో పెట్టడానికే ఆయన దీన్ని తయారుచేశారు.

ముల్లు చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది కదా. మరి గేజ్‌తో ఇబ్బంది ఏంటి?

పై టేబుల్‌లో విజయవాడ, వరంగల్ వరసలు చూడండి. రెండూ 65 శాతం దగ్గరే ఉన్నాయి. గేజ్ పెడితే రెండు ముళ్లూ ఒకే చోట నిలబడతాయి. మీటింగ్‌లో కూర్చున్నవాళ్లకు రెండు బ్రాంచ్‌లూ సమానంగానే కనిపిస్తాయి.

నిజానికి అవి సమానం కావు. విజయవాడలో బిల్లింగ్ నెలాఖరు వారంలో ఎక్కువగా పడుతుంది, 20వ తేదీకి అక్కడ మామూలుగా 58 శాతమే అవుతుంది. అంటే ఈపాటికి 46.4 లక్షలు అయితే చాలు. అయింది 52 లక్షలు, కాబట్టి 5.6 లక్షలు ముందున్నారు. వరంగల్‌లో అమ్మకం నెల మొదట్లోనే ఎక్కువ, 20వ తేదీకి 72 శాతం, అంటే 43.2 లక్షలు రావాలి. వచ్చింది 39 లక్షలే. 4.2 లక్షలు తక్కువ. పైగా నెలాఖరులో అక్కడ పెద్దగా ఆర్డర్లు ఉండవు కాబట్టి ఈ లోటు దానంతటదే పూడదు. మేనేజర్ ఈ సాయంత్రం ఫోన్ చేయాల్సింది వరంగల్‌కే.

గేజ్‌తో నాకున్న అసలు పేచీ ఇక్కడే. అది ఎంత అయిందో చెబుతుంది, ఈపాటికి ఎంత అయి ఉండాలో చెప్పదు. నెల మధ్యలో డ్యాష్‌బోర్డ్ తెరిచే మనిషికి కావలసింది ఆ రెండో అంకె. గేజ్ మీద ఇంకో గీత పెట్టొచ్చు కదా అంటే, ఒక్క మీటర్ అయితే పెట్టొచ్చు. ఐదు మీటర్లలో ఐదు చోట్ల ఐదు గీతలు పెట్టి పోల్చమంటే ఎవరికీ ఓపిక ఉండదు.

20వ తేదీకి ఇంత కావాలని ఎలా లెక్కవేయాలి? 30 రోజుల్లో 20 అంటే 66.7 శాతం అనుకోకూడదా?

అనుకోకూడదు. ఆ లెక్క ప్రకారం విజయవాడ, వరంగల్ రెండూ 65 దగ్గర ఉన్నాయి కాబట్టి ఇద్దరూ కొద్దిగా వెనకబడ్డారని వస్తుంది. ఒకరిని అనవసరంగా టెన్షన్ పెడతాం, ఇంకొకరిని వదిలేస్తాం.

గడిచిన 12 నెలల బిల్లుల డేటా తీసుకోండి. ప్రతి బ్రాంచ్‌కీ 20వ తేదీ లోపు జరిగిన అమ్మకాన్ని ఆ బ్రాంచ్ మొత్తం అమ్మకంతో భాగించండి. బిల్లు తేదీ పక్కన `DAY` ఫంక్షన్‌తో రోజు అంకె ఉన్న కాలమ్ ఒకటి చేసుకుని, మూడు కాలమ్‌లకూ పేర్లు ఇచ్చుకుంటే ఫార్ములా ఇలా ఉంటుంది:

```
=SUMIFS(Amt,Branch,A2,BillDay,"<=20")/SUMIFS(Amt,Branch,A2)*100
```

నడుస్తున్న నెల డేటా ఇందులో కలవకుండా చూసుకోండి. అది ఇంకా పూర్తికాని నెల, కలిస్తే శాతం పైకి పోతుంది.

పండగ నెలల్లో మాత్రం 12 నెలల సగటు పనికిరాదు. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది కాబట్టి పోయిన జనవరిని చూసుకుంటే సరిపోతుంది. దసరా అలా కాదు, ఒక ఏడాది సెప్టెంబర్ చివర, ఇంకో ఏడాది అక్టోబర్‌లో వస్తుంది. అప్పుడు తేదీ బదులు పండగకు ఎన్ని రోజుల ముందున్నామో చూసి, పోయినేడు అదే దూరంలో ఎంత శాతం అయిందో తీసుకోవాలి. కొత్తగా తెరిచిన బ్రాంచ్‌కు పాత డేటా ఉండదు. దానికి దగ్గరి పోలిక ఉన్న బ్రాంచ్ శాతం వాడి, ఆ సంగతి చార్ట్ కింద రాయండి.

బ్రాంచ్‌లను పోల్చేటప్పుడు గేజ్ కన్నా బుల్లెట్ చార్ట్ ఎందుకు నయం?

ఒకే గీత మీద పక్కపక్కనే ఉన్న ఎత్తులను కన్ను బాగా పోలుస్తుంది, కోణాలను అంత బాగా పోల్చలేదు. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ పరిశోధకులు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే తేలింది. ఒకే స్కేల్ మీద స్థానాన్ని చదవడంలో జనం చేసే పొరపాటు తక్కువ, కోణం చదవడంలో ఎక్కువ.

ఐదు గేజ్‌లు పెట్టినప్పుడు ఐదు ముళ్లూ వేర్వేరు కేంద్రాల చుట్టూ తిరుగుతుంటాయి. చివరికి చూసేవాళ్లు ముళ్లను వదిలేసి కింద ఉన్న అంకెలే చదువుతారు. అంకెలే చదవాలంటే టేబుల్ చాలు. చోటు సంగతి కూడా ఉంది. ఐదు గేజ్‌లు పట్టే తెర మీద పదిహేను బుల్లెట్ బార్‌లు సుఖంగా పడతాయి.

వెనక పట్టీలు ఎక్కడ మారాలి? 80 శాతం, 100 శాతం అని పెడితే చాలదా?

నెల ముగిశాక చూసే రిపోర్ట్ అయితే చాలు. నెల మధ్యలో చూసే డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం ఇది తప్పుదారి పట్టిస్తుంది. 10వ తేదీన ఏ బ్రాంచ్ చూసినా 80 కిందే ఉంటుంది. అంటే అన్ని బార్‌లూ ముదురు పట్టీలోనే ఉంటాయి, అందరూ ఫెయిలైనట్టు కనిపిస్తుంది. రెండు నెలలు అలా చూశాక ఆ పట్టీలను ఎవరూ పట్టించుకోరు.

అందుకే పట్టీలను నెల టార్గెట్‌కు కాకుండా, ఈపాటికి కావాల్సిన శాతానికి ముడిపెట్టమంటాను. ఆ శాతంలో పదింట తొమ్మిది వంతుల వరకు ముదురు బూడిద రంగు. అక్కడి నుంచి కావాల్సిన శాతం వరకు మధ్య ఛాయ. ఆపైన లేత ఛాయ. 100 దగ్గర నెల టార్గెట్ గీత.

మన ఉదాహరణలో వరంగల్‌కు కావాల్సింది 72. ముదురు పట్టీ 64.8 దగ్గర ఆగుతుంది, మధ్య పట్టీ 72 దగ్గర. 65 శాతం ఉన్న బార్ ముదురు పట్టీని అలా దాటి ఆగిపోయింది, అంటే పరిస్థితి అంచు మీద ఉంది. విజయవాడకు ముదురు పట్టీ 52.2 వరకు, మధ్య పట్టీ 58 వరకు. అదే 65 శాతం బార్ ఇక్కడ లేత పట్టీలోకి వెళ్లిపోయింది. రెండు బార్‌లూ ఒకే ఎత్తులో ఉన్నా, తేడా ఏ అంకె చదవకుండానే తెలిసిపోతుంది. రాజమహేంద్రవరానికి ముదురు పట్టీ సరిగ్గా 54 దగ్గర ఆగుతుంది, బార్ కూడా అక్కడే ఆగింది. అందరిలోకీ అడుగున ఉన్నది వాళ్లే.

పదింట తొమ్మిది అనేది నేను వాడే కొలత మాత్రమే. మీ బ్రాంచ్‌లలో నెల నెలకూ 20 శాతం ఊగిసలాట మామూలైతే ముదురు పట్టీని కావాల్సిన శాతంలో పదింట ఎనిమిది వంతుల దగ్గరే ఆపండి. లేకపోతే ఏమీ జరగకపోయినా ప్రతి నెలా ఎవరో ఒకరు ముదురు పట్టీలో కనిపిస్తారు.

ఎక్సెల్‌లో బుల్లెట్ చార్ట్ ఎలా చేయాలి?

ఎక్సెల్ చార్ట్‌ల జాబితాలో బుల్లెట్ అనే రకం ఉండదు, కాంబో చార్ట్‌తో కట్టుకోవాలి. నిలువు బార్‌లతో చేస్తే పని తేలిక. అడ్డం బార్‌లకైతే టార్గెట్ గీత కోసం స్కాటర్ పాయింట్లు కలపాల్సి వస్తుంది.

A కాలమ్‌లో బ్రాంచ్, B లో టార్గెట్, C లో అమ్మకం, D లో ఈపాటికి కావాల్సిన శాతం ఉన్నాయనుకుందాం. E నుంచి I వరకు ఈ ఫార్ములాలు పెట్టండి:

```
E2: =C2/B2*100
F2: =D2*0.9
G2: =D2*0.1
H2: =125-D2
I2: 100
```

E అసలు శాతం. F, G, H మూడు పట్టీలు, అవి ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఎప్పుడూ 125 అవుతాయి. I టార్గెట్ గీత. 125 ఎందుకంటే టార్గెట్ దాటినవాళ్లకు పైన కాస్త చోటుండాలి. మీ దగ్గర పోయినేడు ఎవరైనా 140 చేసి ఉంటే అన్ని బ్రాంచ్‌లకూ 150 పెట్టండి.

A కాలమ్‌ను, E నుంచి I వరకు ఉన్న కాలమ్‌లను ఎంచుకుని కాంబో చార్ట్ పెట్టండి. F, G, H లకు `Stacked Column` ఇవ్వండి. E కి `Clustered Column` ఇచ్చి `Secondary Axis` టిక్ చేయండి. I కి `Line with Markers` ఇచ్చి దానికీ `Secondary Axis` టిక్ చేయండి. తర్వాత లైన్‌ను తీసేసి, మార్కర్‌ను అడ్డగీత ఆకారానికి మార్చి పెద్దది చేయండి. పట్టీల `Gap Width` 50 శాతం, అసలు బార్‌ది 250 శాతం దగ్గర పెడితే సన్నటి బార్ వెడల్పాటి పట్టీల ముందు చక్కగా నిలబడుతుంది.

చివరి పని రెండు నిలువు యాక్సిస్‌లకూ `Minimum` 0, `Maximum` 125 అని చేత్తో రాయడం. ఆ తర్వాతే కుడివైపు యాక్సిస్ లేబుల్స్ దాచండి.

ఆ యాక్సిస్ సంగతి మర్చిపోతే ఏమవుతుంది?

చార్ట్ అబద్ధం చెబుతుంది, చూడ్డానికి మాత్రం బాగానే ఉంటుంది. అందుకే ఇది ప్రమాదం.

ఎక్సెల్ తనంతట తాను ఎడమ యాక్సిస్‌ను 140 వరకు, కుడి యాక్సిస్‌ను 120 వరకు వేసుకుందనుకుందాం. పట్టీలు ఎడమ స్కేల్ మీద, బార్‌లు కుడి స్కేల్ మీద ఉంటాయి. రాజమహేంద్రవరం 54 శాతం బార్ చార్ట్ ఎత్తులో 45 శాతం దాకా వస్తుంది. దానికి కావాల్సిన 60 శాతం మాత్రం 43 శాతం ఎత్తులో కనిపిస్తుంది. అందరిలోకీ వెనకబడ్డ బ్రాంచ్ లేత పట్టీలోకి దూకేస్తుంది! వరంగల్ కూడా అంతే, తన గీతను దాటేసినట్టు కనిపిస్తుంది. ఐదు బ్రాంచ్‌లూ బాగున్నాయని మేనేజర్ ల్యాప్‌టాప్ మూసేస్తారు.

పట్టుకోవడం కష్టం కాదు. ఒక వరసలో అసలు శాతాన్ని తాత్కాలికంగా D కాలమ్ అంకెకు సమానం చేయండి. బార్ కొస సరిగ్గా మధ్య పట్టీ, లేత పట్టీ కలిసే చోట ఆగాలి. అటూ ఇటూ అయితే స్కేల్‌లు కలవలేదని అర్థం. ఫైల్‌ను కాపీ చేసి కొత్త నెలకు వాడేటప్పుడు కూడా ఈ పరీక్ష చేయండి.

పవర్ బీఐలో గేజ్ పెడితే వంపు ఎప్పుడూ సగమే నిండుతోంది. ఎందుకు?

మీరు `Maximum value` ఇవ్వలేదు. ఇవ్వకపోతే పవర్ బీఐ కనిష్ఠాన్ని 0గా, గరిష్ఠాన్ని ఇప్పటి విలువకు రెట్టింపుగా తీసుకుంటుంది. 39 లక్షలు అమ్మితే మీటర్ 78 వరకు, 52 అమ్మితే 104 వరకు. అమ్మకం ఎంతున్నా వంపు సగమే నిండుతుంది. అలాంటి మీటర్లు ఐదు పక్కపక్కన పెడితే ఐదూ ఒకేలా ఉంటాయి. ఇలా వదిలేసిన డ్యాష్‌బోర్డ్‌లు నెలల తరబడి నడిచినా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే కింద ఉన్న అంకె సరైనదే.

గేజ్ వాడక తప్పకపోతే టార్గెట్‌ను 1.25తో గుణించే మెజర్ ఒకటి రాసి `Maximum value` లో పెట్టండి, టార్గెట్‌ను `Target value` లో పెట్టండి. బుల్లెట్ చార్ట్ కావాలంటే పవర్ బీఐలో మొదటి నుంచీ ఉండే విజువల్స్‌లో అది లేదు, `AppSource` నుంచి కస్టమ్ విజువల్‌గా తెచ్చుకోవాలి. కొన్ని ఆఫీసుల్లో కస్టమ్ విజువల్స్‌కు ఐటీ వాళ్ల అనుమతి కావాలి, పని మొదలుపెట్టే ముందే అడగండి.

టాబ్లోలో ఉంది కదా?

ఉంది, `Show Me` లోనే. రెండు జాగ్రత్తలు చాలు. ఒక్కోసారి అమ్మకం గీతగా, టార్గెట్ బార్‌గా తారుమారవుతాయి. అప్పుడు యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి `Swap Reference Line Fields` నొక్కండి. రెండోది, పట్టీలు టార్గెట్‌లో 60 శాతం, 80 శాతం దగ్గర వాటంతటవే వస్తాయి. అవి మీ వ్యాపారం కోసం ఎవరో ఆలోచించి పెట్టినవి కావు, మార్చుకోండి.

శాతం చూపించాలా, రూపాయలు చూపించాలా?

బార్‌లు శాతంలో ఉండాలి, లేకపోతే 30 లక్షల కర్నూలు, 80 లక్షల విజయవాడ ఒకే స్కేల్ మీద ఇమడవు. కానీ శాతం ఒక్కటే చూపిస్తే చిన్న బ్రాంచ్‌కు లేని బరువు వస్తుంది. మన ఉదాహరణలో రాజమహేంద్రవరం తన మామూలు కంటే 6 పాయింట్లు తక్కువ, వరంగల్ 7 పాయింట్లు తక్కువ. దాదాపు ఒకటే అనిపిస్తుంది. రూపాయల్లో ఒకచోట 3 లక్షలు, ఇంకోచోట 4.2 లక్షలు.

అందుకే ప్రతి బార్ పక్కన ఒకే ఒక అంకె రాయండి: ఈపాటికి కావాల్సిన దానికంటే ఎన్ని లక్షలు ఎక్కువ లేదా తక్కువ. వరసలను కూడా ఆ అంకెను బట్టే పేర్చండి, పెద్ద లోటు ముందు. అక్షర క్రమంలో పేరిస్తే వెతుక్కోవాలి.

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పెట్టకూడదా?

వెనక పట్టీలకు వద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా కనిపించని మగవాళ్లు ప్రతి పెద్ద ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు, నలుపు తెలుపు ప్రింట్‌లో మిగతావాళ్లకూ కనిపించదు. బూడిద రంగు మూడు ఛాయలు పెట్టి, వెనకబడ్డ బ్రాంచ్ పేరు పక్కన మాత్రం ఒక ఎర్ర చుక్క పెడితే చూపు నేరుగా అక్కడికే పోతుంది.

తక్కువ ఉంటేనే మంచిదైన లెక్కలకు బుల్లెట్ చార్ట్ పనికొస్తుందా?

పనికొస్తుంది. బాకీ వసూలుకు పట్టే రోజులు తీసుకోండి. టార్గెట్ 45 రోజులు. ఇక్కడ పట్టీల వరస తిరగబడాలి: 0 నుంచి 45 వరకు లేత, 45 నుంచి 60 వరకు మధ్య, ఆపైన ముదురు. ఇలాంటివాటిని అమ్మకాల బార్‌లతో కలపకుండా వేరే వరసలో పెట్టి, "తక్కువ ఉంటే మంచిది" అని పైన రాయండి. పక్కపక్కనే పెడితే పొడుగు బార్ చూసి బాగుందనుకునేవాళ్లే ఎక్కువ.

ఒక నియమం అన్నిటికీ వర్తిస్తుంది. బార్ 0 దగ్గరే మొదలవ్వాలి. 40 నుంచి మొదలుపెడితే 54, 65 మధ్య తేడా ఉన్నదానికంటే ఎన్నో రెట్లు కనిపిస్తుంది. స్కేల్ 0 నుంచి మొదలవ్వడం కుదరనిచోట బార్ తీసేసి ఒక చుక్క పెట్టండి, అప్పుడు కన్ను పొడవును కాకుండా స్థానాన్నే చదువుతుంది.

అయితే గేజ్ అసలు ఎక్కడా వాడకూడదా?

ఒకే అంకె ఉండి, దానికి నిజమైన కనిష్ఠం, గరిష్ఠం ఉండి, ఈ క్షణంలో ఎంత ఉందో తెలిస్తే చాలన్నచోట గేజ్ బాగుంటుంది. కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత, బాయిలర్ ప్రెషర్, ట్యాంకులో నీటి మట్టం అలాంటివి. దూరం నుంచి నడుస్తూ చూసేవాళ్లకు కూడా ముల్లు ఏ వైపు వాలిందో తెలుస్తుంది. అమ్మకాల టార్గెట్‌కు అలాంటి గరిష్ఠం ఉండదు. గేజ్‌ను 100 దగ్గర ఆపేస్తే 101 చేసినవాళ్లూ 130 చేసినవాళ్లూ ఒకేలా కనిపిస్తారు.

ఎండీ గారికి మీటరే కావాలట. ఏం చేయాలి?

వాదించి లాభం లేదు, ఒక్క మీటర్ ఇవ్వండి. కంపెనీ మొత్తానికి: టార్గెట్ 265 లక్షలు, అమ్మకం 175 లక్షలు, అంటే 66 శాతం. గరిష్ఠాన్ని 331.25 లక్షల దగ్గర స్థిరంగా పెట్టండి. ఆ మీటర్ కింద, అదే తెర మీద, ఐదు బుల్లెట్ బార్‌లు లోటు క్రమంలో పేర్చండి.

మొదటిసారి చూపించేటప్పుడు 20వ తేదీ అంకెలతోనే చూపించండి. ఐదు బ్రాంచ్‌లకూ కలిపి ఈపాటికి 171.5 లక్షలు కావాలి, వచ్చింది 175. మొత్తం మీద కంపెనీ 3.5 లక్షలు ముందే ఉంది కాబట్టి పైనున్న మీటర్‌లో ఏ తేడా కనిపించదు. కింద మొదటి వరసలో వరంగల్, పక్కన 4.2 లక్షల లోటు. ఆయన అడిగే తర్వాతి ప్రశ్న వరంగల్ గురించే అయితే, రెండో నెల నుంచి మీటర్‌ను చిన్నది చేసి బార్‌లకు చోటు పెంచమని ఆయన్నే అడగొచ్చు.